మెమో: గాజు ఫ్లాస్కుల తయారీ నిలిపివేత

ఎవరికి: ప్రొడక్షన్, ప్యాకింగ్, స్టోర్స్, సేల్స్, సర్వీస్ సిబ్బంది అందరికీ
ఎవరి నుంచి: జనరల్ మేనేజర్

గాజు రీఫిల్ ఫ్లాస్కుల తయారీని ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం. స్టీల్ ఫ్లాస్కులు, వాటర్ బాటిళ్ల పని ఎప్పటిలాగే సాగుతుంది. ఈ నిర్ణయం వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. కొద్దిరోజులుగా మీలో చాలామందికి ఆ టెన్షన్ ఉందని తెలుసు, అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

"ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి కదా, ఎందుకు ఆపడం?" అని అడుగుతున్నారు. ఆర్డర్లు వస్తున్నాయి, నిజమే. కానీ అమ్మిన ప్రతి ఫ్లాస్కు మీదా నష్టపోతున్నాం. మన చేతికొచ్చే ధర 100 అనుకుంటే రీఫిల్, బాడీ, మూత, ప్యాకింగ్, రవాణాకే 96 పోతోంది. దారిలో పగిలినవి, వారంటీ కింద మార్చి ఇచ్చేవి కలిపి ఇంకో 11. అద్దె, కరెంటు, జీతాలు లెక్కలోకి రాకముందే 7 నష్టం. ఇలాంటి సరుకు ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. లైన్ ఆపితే దాని వంతు అద్దె మిగతా వాటి మీద పడదా అని అకౌంట్స్ వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ అద్దెలో ఈ లైన్ ఇప్పటికీ ఏమీ మోయడం లేదు.

చేయగలిగింది చేసి చూశాం. ధర కాస్త పెంచగానే డీలర్లు స్టీల్ ఫ్లాస్కులకు మారిపోయారు. ప్యాకింగ్ గట్టిగా చేస్తే పగలడం తగ్గింది గానీ, మిగిలింది అట్టపెట్టెల ఖర్చుకే సరిపోయింది. పైగా రీఫిల్ సరఫరాదారు కనీస ఆర్డర్ పెంచడంతో మనకు అక్కర్లేనంత సరుకు కొని స్టోర్స్‌లో పెట్టుకోవాల్సి వస్తోంది.

లోపం మాత్రం పనిలో లేదు. రీఫిల్ అడుగున సీల్ చేసిన ముక్కు చిట్లితే లోపలి వ్యాక్యూమ్ పోతుంది, ఫ్లాస్కు ఇక వేడి నిలపదు. ఆ ముక్కుకు దెబ్బ తగలకుండా రబ్బరు కుషన్‌ను ఒక్కో ఫ్లాస్కుకూ చేత్తో సరిచూసి కూర్చోబెట్టిన ఫిట్టింగ్ టీమ్ పనితనం వల్లే ఈ లైన్ ఇన్నాళ్లు నిలబడింది. స్టీల్ ఫ్లాస్కుల లీక్ టెస్టింగ్‌కు సరిగ్గా అలాంటి చేతులే కావాలి. అందుకే ఆ టీమ్ మొత్తాన్నీ అక్కడికి మారుస్తున్నాం. శిక్షణ రెండు వారాలు, జీతంలో, షిఫ్టుల్లో మార్పు ఉండదు. ప్యాకింగ్ వాళ్లు ఉన్నచోటే ఉంటారు.

సేల్స్ వాళ్లు ఈరోజు నుంచి గాజు ఫ్లాస్కులకు కొత్త ఆర్డర్లు తీసుకోవద్దు. ఇప్పటికే ఒప్పుకున్నవన్నీ పంపేస్తాం. డీలర్లకు ఈ సంగతి మెయిల్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేసి చెప్పండి. వారంటీ ఉన్న ఫ్లాస్కులకు రీఫిల్ మార్చడం గడువు తీరేదాకా కొనసాగుతుంది, అందుకు సరిపడా రీఫిల్స్‌ను స్టోర్స్ వేరుగా తీసిపెట్టాలి.

కొత్త పని ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఈ శుక్రవారంలోగా మీ సూపర్‌వైజర్‌కు చెప్పండి. నాతోనే మాట్లాడాలనుకుంటే రోజూ సాయంత్రం 4 నుంచి 5 దాకా నా గదిలోకి నేరుగా రావచ్చు.