మన వీబీఎస్ ఐదు రోజుల ప్లాన్ (మే 11 సోమవారం నుంచి 15 శుక్రవారం దాకా)

టీచర్లందరికీ వందనాలు. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి పొద్దున 7:30కి మొదలుపెట్టి 10:30 కల్లా పిల్లల్ని ఇళ్లకి పంపించేద్దాం, మనం మాత్రం 7కే వచ్చి ప్రార్థన చేసుకుని చాపలు పరిచి కుండల్లో నీళ్లు నింపి ఉంచాలి.

సోమవారం తప్పిపోయిన గొర్రె, లూకా 15. వాక్యం "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు", కీర్తన 23:1. దూదితో చేసిన గొర్రెపిల్లని చర్చి ఆవరణలో దాచి పిల్లలతో వెతికిద్దాం, దొరకగానే అందరూ చప్పట్లు కొట్టి వాక్యం చెప్పాలి. పాట నేనే రాశాను, చేతులతో చేసి చూపించండి:
కొండమీద వెతికాడు, ముళ్లలోన వెతికాడు
భుజాన వేసి తెచ్చాడు, బోలెడంత నవ్వాడు

మంగళవారం దావీదు గొల్యాతు. గొల్యాతు ఆరు మూళ్ల జేనెడు అంటే తొమ్మిదడుగులు దాటుతుంది, వెనక గోడ మీద సుద్దముక్కతో అంత ఎత్తు బొమ్మ గీయండి, పిల్లలు దాని పక్కన నిలబడి చూసుకుంటే కథ సగం అక్కడే అర్థమైపోతుంది. బట్టతో ఐదు ఉండలు కట్టి బొమ్మకి గురిపెట్టి విసరాలి. వాక్యం ఫిలిప్పీ 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను". ఒక్కో విసురుకి ఒక్కో మాట.

బుధవారం సమూయేలు, కళ్లకి గంతలు కట్టి పిలిచిన గొంతు ఎవరిదో కనిపెట్టే ఆట, కీర్తన 119:105.

గురువారం ఐదు రొట్టెలు రెండు చేపలు, యోహాను 6. ఆ రోజు ప్రతి పిల్లా ఇంటి నుంచి ఏదో ఒకటి తెచ్చి పంచుకోవాలని చెప్దాం, జంతికలైనా అరటిపండైనా సరే. తేలేని పిల్లలు కూడా ఉంటారు కదా, వాళ్లు చిన్నబుచ్చుకోకుండా నేను రెండు డజన్ల అరటిపళ్లు ముందే తెచ్చి పెడతా, వచ్చీరాగానే వాళ్ల చేతిలో పెట్టండి, పంచేది వాళ్లే అవ్వాలి. వాక్యం "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును", 2 కొరింథీ 9:7.

శుక్రవారం మంచి సమరయుడు, లూకా 10, వాక్యం 27లోదే, "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను". జంటలుగా గుడ్డ పట్టీలు కట్టే ఆట. సాయంత్రం 6కి అమ్మానాన్నల ముందు పాటలు, వాక్యాలు.

ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. పోయినేడాది ముందు కంఠతా చెప్పినవాళ్లకి బహుమతులిచ్చాం, చురుకైన నలుగురికే అన్నీ వెళ్లాయి, చదవడం రాని చిన్నపిల్లలు వెనక కూర్చుండిపోయారు, నాకింకా బాధగానే ఉంది. ఈసారి పోటీ వద్దు, వాక్యం ఆటలోనే పదిసార్లు పలికిద్దాం. కథ పుస్తకం చూసి చదవొద్దు, పిల్లల మధ్యలో కూర్చుని చెప్పండి.

ఎవరు ఏ కథ చెప్తారో ఆదివారం ఆరాధన అయ్యాక నాకు చెప్పండి, గోడమీద బొమ్మ మాత్రం యూత్ తమ్ముళ్లదే బాధ్యత.