అర్ధవృత్తాకార గాజు దిమ్మతో వక్రీభవన నియమం సరిచూడటం: పరిచయం, పద్ధతి

పరిచయం

కాంతి గాల్లోంచి గాజులోకి వెళ్లేటప్పుడు లంబం వైపు వంగుతుందని అందరికీ తెలిసిందే, ఎంత వంగుతుందన్నదే అసలు ప్రశ్న. 1621లో స్నెల్ కనుక్కున్న నియమం ప్రకారం పతన కోణం i, వక్రీభవన కోణం r అయితే sin i / sin r ఎప్పుడూ ఒకే విలువ, గాల్లోంచి గాజులోకైతే అదే గాజు వక్రీభవన గుణకం n. మామూలు గాజుకి ఇది 1.5 దగ్గర్లో ఉంటుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. చిన్న కోణాల దగ్గర సైన్లు తీసేసి ఊరికే i / r లెక్కేసినా దాదాపు ఒకే విలువ వస్తుంది, n 1.5 అనుకుంటే 10° దగ్గర 1.50, 20° దగ్గర 1.52, అంటే అక్కడే ఆగిపోతే స్నెల్ నియమాన్ని పరీక్షించినట్టే కాదు. అదే 80°కి వెళ్తే i / r 1.95 అయిపోతుంది, sin i / sin r మాత్రం మారకూడదు. అందుకే పెద్ద కోణాలు కచ్చితంగా తీసుకోవాలని ముందే అనుకున్నాం.

పద్ధతి

డ్రాయింగ్ బోర్డు మీద తెల్ల కాగితం పిన్ చేసి, రెండు లంబ రేఖలు గీసి, అవి కలిసే చోటు నుంచి ప్రొట్రాక్టర్‌తో 10° నుంచి 80° దాకా పదేసి డిగ్రీలకి గీతలు గీశాం. దిమ్మ చదును ముఖం ఒక గీత మీద, దాని మధ్య బిందువు సరిగ్గా ఆ కలిసే చోట ఉండేలా పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశాం, మధ్యలో కదిలితే తెలిసిపోవాలి కదా. అర్ధవృత్తమే ఎందుకంటే, మధ్య బిందువు దగ్గర లోపలికెళ్లిన కిరణం వ్యాసార్ధం వెంటే పోయి వంపు ముఖాన్ని లంబంగా తాకుతుంది, అక్కడ మళ్లీ వంగదు, బయటికొచ్చిన కిరణం దిశే లోపలి దిశ.

గది చీకటి చేసి, రే బాక్స్‌కి సన్నని చీలిక పెట్టి ముందు 0° దగ్గర కిరణం వేశాం. అది నేరుగా వెళ్లేదాకా దిమ్మని సర్దాం. తర్వాత ఒక్కో గీత వెంట కిరణం పంపి, బయటికొచ్చిన కిరణం మధ్యలో దూరదూరంగా రెండు చుక్కలు పెట్టి, దిమ్మ తీసి, వాటిని మధ్య బిందువుతో కలిపి r కొలిచాం. లంబానికి రెండో వైపు కూడా ఇదే చేసి రెండు r విలువల సగటు తీసుకున్నాం, దిమ్మ కొంచెం తిరిగి ఉన్నా ఆ తేడా చాలావరకు పోతుంది. 70° దాటాక కిరణం గాజు మీద వెడల్పుగా పరుచుకుంటుంది, పరావర్తనం ఎక్కువై మసకబారుతుంది, అక్కడ చుక్కలు చాలా జాగ్రత్తగా పెట్టాలి.

ప్రొట్రాక్టర్‌తో r అర డిగ్రీ అటూఇటూ అవ్వొచ్చు. 10° దగ్గర దానివల్ల nలో సుమారు 8 శాతం తేడా వస్తుంది, 60° దగ్గర ఒక శాతం పైచిలుకే. అందుకే అన్ని n విలువలకీ సగటు తీయకుండా, sin r అడ్డంగా sin i నిలువుగా గ్రాఫ్ గీసి వాలు నుంచి n తీసుకుంటాం. గీత మూల బిందువు గుండా పోకపోతే దిమ్మ కేంద్రం జరిగిందేమో ముందు చూడాలి.