డిసెంబర్ 31 రాత్రి మన ఇంటి భోజనం: మెనూ

హన్మకొండ ఇంట్లో, బుధవారం సాయంత్రం 7 నుంచి. మొత్తం 14 మంది. నీసు తినేవాళ్లు 9, తిననివాళ్లు 3, పిల్లలు 2.

ముందే ఒక మాట. రాత్రి 12 దాటితే గురువారం. అత్తమ్మ గురువారం గుడ్డు కూడా ముట్టదు. తెల్లారితేనే గురువారం అని మామయ్య వాదిస్తాడు, ఆ పంచాయితీలో నేను దూరను. కోడి 10 గంటలలోపు అయిపోవాలి, 12కు కోసే కేకులో గుడ్డు ఉండదు. మెనూ అంతా దీన్నిబట్టే.

7 గంటలకు, రాగానే

సర్వపిండి, అల్లం చాయ్. సర్వపిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు మామూలే. పై పోర్షన్ టీచరమ్మ, వాళ్లాయన ఉల్లి, వెల్లుల్లి తినరు కాబట్టి మొదటి రెండు గిన్నెలు అవి లేకుండా ఒత్తుతాను. పిల్లలు ముక్కలు విరుచుకుని తిరుగుతూ తింటారు, ప్లేట్లు వద్దు.

కాజీపేట నుంచి చెల్లె స్నేహితురాలు ప్లమ్ కేక్ తెస్తానంది. అందులో గుడ్డు ఉంటుంది, అందుకే అది ఇప్పుడే చాయ్‌తో కోసేద్దాం. పేరుకే ప్లమ్, లోపల ఉండేది కిస్‌మిస్, టూటీఫ్రూటీ. అయినా నాకిష్టం.

8:30కు భోజనం

చికెన్ రోస్ట్: 1200 గ్రాముల కోళ్లు రెండు, స్కిన్‌లెస్. మంగళవారం రాత్రే గాట్లు పెట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, నానబెట్టి రుబ్బిన చపాట మిర్చి పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. 2025లో జీఐ ట్యాగ్ వచ్చిన మన వరంగల్ మిర్చి ఇది. ఎర్రగా కనిపిస్తుంది కానీ కారం తక్కువ, పిల్లలు కూడా తినొచ్చు. మన ఓవెన్‌లో ఒక్క కోడే పడుతుంది. 180 డిగ్రీల మీద గంటా పావు, మధ్యలో రెండుసార్లు నెయ్యి రాయాలి. తొడ దగ్గర పొడిస్తే ఎర్ర నీళ్లు రాకూడదు. రెండోది ముక్కలు కొట్టించి మూకుడులో వేపుతాను, అది మరిదికి. ఓవెన్‌లో చేసింది ఆయనకు కూరలా అనిపించదట. మామయ్యకు పళ్ల బాధ, ఆయన వాటా మెత్తటి ఛాతీ ముక్క చీల్చి పెట్టాలి.

కాలీఫ్లవర్, ఆలుగడ్డ రోస్ట్: ఇది ఓవెన్‌లో కాదు, పెనం మీద. కోడి ఉడికిన ఓవెన్‌లో పెడితే టీచరమ్మ ముట్టదు, ముట్టమని అడగడం కూడా బాగుండదు.

బగారన్నం: బాస్మతి కిలోంబావు. అరగంట నానాలి, గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు. షాజీరా, లవంగం, పుదీన, ఉల్లిగడ్డ. రోస్ట్ పొడిగా ఉంటుంది, అన్నం గొంతు దిగాలంటే పులుసు కావాలి. అందుకే సొరకాయ వేసి దాల్చా చేస్తున్నా. మాంసం వేయను, అందరిదీ ఒకే గిన్నె.

పులిహోర: అరకిలో బియ్యం. పై పోర్షన్ వాళ్ల కోసమని పెట్టాను కానీ సగం మనవాళ్లే లాగిస్తారని తెలుసు. ఇంగువ పోపు చాలు. దాని గరిటె వేరు, బగారన్నం గిన్నెలో పెట్టకండి.

పెరుగన్నం, ఉల్లి లేని కీరా పెరుగుపచ్చడి, అప్పడాలు. అత్తమ్మకు రెండు జొన్నరొట్టెలు.

మటన్ లేదు. దావత్‌లో మటన్ లేకపోతే ఎట్లా అని ఒకరు అడుగుతారు, ఎవరో చెప్పను. మిగిలితే తెల్లారి గురువారం తినేవాళ్లెవరు? అందుకే.

12 గంటలకు

ఖర్జూరం కేక్, గుడ్డు లేకుండా. గింజ తీసిన ఖర్జూరం 200 గ్రాములు, కప్పు వేడి పాలు, చెంచా వంటసోడా. అరగంట నానాక రుబ్బి అరకప్పు నూనె, కప్పున్నర మైదా కలిపి 180 మీద 40 నిమిషాలు. చక్కెర అక్కర్లేదు. ఇది మధ్యాహ్నం 2కే చేసేస్తాను, కోడికన్నా ముందు ఓవెన్ దీనికే. గోరువెచ్చగా ఉన్నప్పుడు కోస్తే పొడిపొడి అవుతుంది, చల్లారనిద్దాం. ఖర్జూరమే కదా అని అత్తమ్మకు రెండో ముక్క పెట్టకండి, షుగర్ దానికీ పెరుగుతుంది. క్రీమ్ లేదేమని పిల్లలు అలిగితే మీద కాసిన్ని జీడిపప్పులు చల్లి ఊరుకోబెడదాం.

ఎవరు ఏం తేవాలి

మరిది వాళ్లు హైదరాబాద్ నుంచి వస్తూ నానఖటాయి. చెల్లె పెద్ద కుక్కర్, మా దానికి రబ్బరు పోయింది. తమ్ముడు పెరుగు రెండు కిలోలు, మంగళవారమే. స్వీట్లు ఎవరూ తేవద్దు.

దాల్చా, పులిహోర మిగిలితే పొద్దున టిఫిన్ అదే.