చందమామ కళలు: పుస్తకం మూసేసి స్నేహితుడికి చెప్పే స్క్రిప్ట్

(నోట్సు చూడకూడదు. బల్ల మీద లైటు, చేతిలో రబ్బరు బంతి. వాడు అర్థం కాలేదంటే అదే వాక్యం గట్టిగా చెప్పకూడదు, ఇంకోలా చెప్పాలి.)

ఒరేయ్, కాసేపు కూర్చో. చందమామ మీద ఒక చాప్టర్ చదివి అరపేజీకి కుదించాను. అర్థమైందో లేదో నీకు చెబితేగానీ తేలదు. మధ్యలో అడ్డు తగులుతూ ఉండు.

ముందు నువ్వు చెప్పు. నెలవంక రోజు మిగతా చంద్రుణ్ణి కప్పేసేది ఏమిటి? భూమి నీడా?

(అవుననే అంటాడు. మొన్నటిదాకా నేనూ అదే అనేవాణ్ణి.)

కాదు. భూమి నీడ పడితే అది గ్రహణం. మామూలు రోజుల్లో చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మనవైపు ఎంత తిరిగి ఉందన్నదే కళ. ఈ లైటు సూర్యుడు, నీ తల భూమి. చెయ్యి చాచి బంతి పట్టుకుని లైటు వైపు తిరుగు. నీకు చీకటి వైపే కనిపిస్తోంది కదా? అమావాస్య. మెల్లగా ఎడమకి తిరుగు. అంచున సన్నటి గీత వస్తుంది, పావు చుట్టు తిరిగేసరికి సగం బంతి. ఇప్పుడు లైటుకి వీపు పెట్టి, బంతిని తల కంటే కాస్త పైకెత్తు. పౌర్ణమి.

ఎత్తకపోతే నీ తల నీడ బంతి మీద పడుతుంది, చంద్రగ్రహణం అదే. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. అందుకే చాలా పౌర్ణములకి నీడకి పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు.

(ఇక్కడిదాకా నల్లేరు మీద బండి నడక. నోట్సులో "చుట్టుకి 27.3 రోజులు, కళలకి 29.5 రోజులు" అని ఉంది. రాసుకున్నానే గానీ తేడా ఎందుకని అడుక్కోలేదు. రాత్రి పైకి చెప్పి చూసుకుంటే ఇక్కడే నోరు ఆగిపోయింది.)

ఒక నక్షత్రం పక్కన చంద్రుణ్ణి చూశావనుకో. మళ్ళీ దాని పక్కకి రావడానికి సుమారు 27.3 రోజులు. ఈలోగా భూమి ఊరుకోదుగా, సూర్యుడి చుట్టూ 27 డిగ్రీల దాకా జరుగుతుంది. అంటే మనకి సూర్యుడున్న దిక్కు మారిపోయింది. పౌర్ణమి కావాలంటే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా రావాలి. ఆ మిగిలిన దూరానికి ఇంకో రెండు రోజుల పైచిలుకు పడుతుంది.

(బుర్ర గోక్కుంటే గడియారం చూపించాలి: 12కి కలిసిన ముళ్ళు మళ్ళీ కలిసేది 1కి కాదు, 1 దాటి 5 నిమిషాలు గడిచాక.)

ఇక నేను మాట్లాడను. పౌర్ణమి చంద్రుడు మనకి మధ్యాహ్నం 12కి కనిపిస్తాడా? ఎందుకు?

("కనిపించడు" అంటే చాలదు. సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడని, అందుకే పొద్దుగూకే వేళకి ఉదయిస్తాడని వాడి నోటే రావాలి. రాలేదా, తప్పు వాడిది కాదు. బంతి మళ్ళీ నా చేతిలోకి.)