దీపావళి కానుక పెట్టెలకు సంస్థల ఆర్డర్లు స్వీకరిస్తున్నాము

తిరుపతి, రేణిగుంట, శ్రీసిటీ, చిత్తూరు పరిసరాల్లోని పరిశ్రమలు, ఆసుపత్రులు, కళాశాలలు, బ్యాంకు శాఖలు, హోటళ్ల యాజమాన్యాలకు మా నమస్కారాలు. ఈ ఏడాది దీపావళి నవంబర్ 8, ఆదివారం నాడు వస్తున్నందున చాలా కార్యాలయాలు 6వ తేదీ శుక్రవారమే సిబ్బందికి మిఠాయి పంచాలని అనుకుంటున్నాయి. ఆ రోజుకు పెట్టెలు మీ చేతికి అందాలంటే ఆర్డరు ఇప్పుడే ఖాయం చేసుకోవలసిందిగా కోరుతున్నాము.

అర కిలో పెట్టెలో జీడిపప్పు కట్లీ, నేతి మైసూర్‌పాక్, చిత్తూరు బెల్లంతో చేసిన సున్నుండలు, కజ్జికాయలు ఉంటాయి. ధర జీఎస్టీ కాకుండా 390 రూపాయలు. కిలో పెట్టె 760 రూపాయలు, అందులో అదనంగా మామిడి తాండ్ర, కారపు మిశ్రమం చేరతాయి. సున్నుండలకు మినుములను పొట్టుతోనే దోరగా వేయించి, పిండి ఇంకా వెచ్చగా ఉండగానే బెల్లం, కాచిన నెయ్యి కలిపి చేత్తో ఉండ కడతాము. చల్లారిన తరువాత కడితే ఉండ విరిగిపోతుంది. అందుకే ఒక్కో విడతకు కొద్దికొద్దిగానే కలుపుతాము, 600 పెట్టెల ఆర్డరైనా ఈ పద్ధతి మారదు. పాలకోవా మాత్రం తిరుపతి ఊరి లోపల అదే రోజు పంచే పెట్టెల్లోనే పెడతాము, దూరం వెళ్లే పెట్టెల్లో ఎంత అడిగినా పెట్టము.

50 పెట్టెలు దాటిన ప్రతి ఆర్డరుకూ మీ సంస్థ పేరు, చిహ్నం, శుభాకాంక్షలు కోరిన భాషలో ముద్రించిన స్టిక్కర్ లేదా కాగితపు పట్టీ వేస్తాము. 200 దాటితే మూతపైనే అచ్చు వేయిస్తాము. పెట్టెను శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డసంచిలో పెట్టి ఇవ్వమన్నా ఏర్పాటు చేస్తాము. చక్కెర తగ్గించుకున్నవారికి, జీడిపప్పు పడనివారికి వేరే పెట్టెలు కావాలంటే ఆ సంఖ్య ముందే చెప్పండి, వాటికి విడిగా గుర్తు వేసి వేరే అట్టపెట్టెలో సర్దుతాము.

రెండు విషయాల్లో మాత్రం మమ్మల్ని మన్నించాలి. శ్రీవారి చిత్రం, నామాలు పెట్టె మీద అచ్చు వేయము, ఎందుకంటే మిఠాయి అయిపోయాక ఖాళీ పెట్టె చేరేది చెత్తబుట్టలోకే. అలాగే ‘తిరుపతి లడ్డూ’ అన్న పేరుతో ఏదీ అమ్మము. ఆ పేరుకు 2009 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, అది దేవస్థానానికే చెందుతుంది. మేము చేసే లడ్డును నేతి బూందీ లడ్డు అనే పిలుస్తాము.

మూతపై అచ్చు కావలసినవారు అక్టోబర్ 15 లోగా ఆర్డరు ఇవ్వాలి, దానికి నమూనా ఆమోదించిన నాటి నుంచి 15 పని దినాలు పడుతుంది. స్టిక్కర్ లేదా పట్టీకి 7 పని దినాలు చాలు, కనుక అక్టోబర్ 27 వరకు తీసుకుంటాము. అక్టోబర్ 20 విజయదశమి కావడంతో ఆ వారమంతా వంటశాల నిండుగా ఉంటుంది, కాబట్టి తేదీలను సడలించలేము. కిందటేడు ఒక సంస్థకు రంగును ఫోన్ తెరపై చూపించి ఆమోదం తీసుకున్నాము. అచ్చయి వచ్చేసరికి ముదురు ఎరుపు కాస్తా గోధుమ రంగుకు తిరిగింది, 300 మూతలు మా ఖర్చుతో మళ్లీ వేయించాము. ఆ నాటి నుంచి అచ్చు వేసిన మూతనే చేతికిచ్చి, మీరు సంతకం చేశాకే మిగతావి మొదలుపెడుతున్నాము. మిఠాయిని మాత్రం పంపే తేదీకి ముందు 48 గంటల లోపే తయారుచేస్తాము. తయారీ తేదీ, ఏ తేదీలోగా తినాలి, పదార్థాల వివరం ప్రతి పెట్టె మీదా ఉంటాయి.

బిల్లు విషయానికి వస్తే, ముందుగా ప్రొఫార్మా ఇన్‌వాయిస్, సరుకు అందాక మీ జీఎస్టీ నంబరు, కొనుగోలు ఆర్డరు నంబరుతో పన్ను ఇన్‌వాయిస్ ఇస్తాము. శాఖలవారీగా విడివిడి బిల్లులు కావాలన్నా, ఒకే బిల్లుకు శాఖల జాబితా జతచేయమన్నా చేస్తాము. తమిళనాడులో రిజిస్టరైన సంస్థకు ఐజీఎస్టీ వేస్తాము, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు మేమే తీస్తాము. దీపం కుంది వంటి వస్తువును మిఠాయితో కలిపి ఒకే ధరకు ఇస్తే, వాటిలో ఎక్కువగా ఉన్న పన్ను రేటే పెట్టె మొత్తానికి వర్తిస్తుంది, కాబట్టి విడి ధరలతో వేరుగా కొనడం మేలని మా సలహా. బహుమతిగా పంచే సరుకుపై ఇన్‌పుట్ క్రెడిట్‌ను జీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షన్ అనుమతించదు, ఈ సంగతి మీ అకౌంట్స్ వారితో ముందే మాట్లాడుకోండి. ఆర్డరుతో పాటు సగం సొమ్ము, మిగతాది సరుకు దిగిన రోజున చెల్లించాలి. కొనుగోలు ఆర్డరు ఇచ్చే సంస్థలకు 15 రోజుల గడువు ఉంటుంది.

పెట్టెల సంఖ్య, పంచే తేదీ, సరుకు దింపవలసిన చోటు, బిల్లు ఎవరి పేరున ఉండాలో మెసేజ్‌లో రాసి పంపండి, మరుసటి పని దినంలోపు కొటేషన్ ఇస్తాము. రుచి చూసి నిర్ణయించుకోదలచినవారు ఎయిర్ బైపాస్ రోడ్డులోని మా దుకాణానికి సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 లోపు రండి, నమూనా పెట్టె ఉచితంగా ఇస్తాము.