భీమవరం చెప్పుల షాపు కేటలాగు: మూడు జతలకు ప్రాంప్టులు

ఇవి బొమ్మలు గీసే ఏఐకి ఇచ్చే ప్రాంప్టులు. ప్రతి ప్రాంప్టుతోపాటు షాపులో తీసిన అసలు జత ఫొటో కూడా పెట్టండి. మాటలొక్కటే ఇస్తే అందమైన షూ వస్తుంది గానీ, మనం అమ్మేది రాదు.

తెల్ల కాన్వాస్ షూ, నేల మీద:

«కుడికాలి షూ ఒక్కటే, బయటి వైపు నుంచి, ముందు భాగం కుడికి. కెమెరా షూ సగం ఎత్తులో, నేలకు సమాంతరంగా, సూటిగా. 85 ఎంఎం లెన్సుతో దూరం నుంచి తీసినట్టు. మడమ దగ్గర మొత్తం ఎత్తును నాలుగు భాగాలు చేస్తే సోలు ఒక భాగం. మడమ నుంచి వేళ్ల దాకా ఒకే మందం, మధ్యలో సన్నని ఎర్ర గీత. చదునైన తెల్ల నూలు లేసు, ఆరు జతల కంతల్లో అడ్డంగా, సమాన దూరంలో. చివరలు టంగ్ లోపలికి దోపి ఉన్నాయి. వెలుగు ఎడమ పైనుంచి. సోలు నేలను తాకేచోట సన్నని ముదురు నీడ, కుడికి పోయేకొద్దీ పలచన. వేళ్ల కింద సోలు కాస్త లేచినచోట నీడ అంచు మెత్తన. నేపథ్యం లేత బూడిద.»

సోలు మందం మిల్లీమీటర్లలో రాస్తే ఏఐ పట్టించుకోవడం తక్కువ. భాగాల్లో చెబితే దగ్గరగా వస్తుంది. అయినా లావుగా వస్తే కెమెరా ఎత్తు చూడండి: కింది నుంచి, దగ్గరగా తీసినట్టుంటే సోలే ముందుకొస్తుంది. కుడి షూ ముందు భాగం ఎడమకి తిప్పమంటే కనబడేది లోపలి వైపు. బయటి లోగో అక్కడ అతికిపోతుంది. ఎడమకే కావాలంటే ఎడమ షూ అడగాలి. కంతలు మాత్రం ప్రతిసారీ లెక్కపెట్టాల్సిందే.

రన్నింగ్ షూ, గాల్లో:

«ఎడమకాలి నీలం రన్నింగ్ షూ, బయటి వైపు, ముందు భాగం ఎడమకి, 15 డిగ్రీలు పైకి లేచి. నురుగు సోలు మడమ దగ్గర మందం, వేళ్ల దగ్గర అందులో మూడింట రెండు వంతులు. గుండ్రటి లేసు, బిగువైన ముడి. రెండు చివరలూ నిటారుగా కిందికి వేలాడుతున్నాయి. వెలుగు సూటిగా పైనుంచి. షూ కింద దాని సగం ఎత్తంత ఖాళీ. ఆ కింద మసక అంచుల ఒకే కోలనీడ.»

ఇందులో 'తాకే నీడ' అన్న మాట పొరపాటున మిగిలినా రెండు నీడలు పడతాయి, షూ తేలుతోందో ఆనుకుందో తెలియదు. లేసు చివరలు షూ వాలుతోపాటు వంగితే కత్తిరించి అతికించినట్టుంటుంది.

రొయ్యల చెరువు గమ్‌బూటు:

«మోకాలి కింది దాకా వచ్చే నల్ల గమ్‌బూటు, ఒకే ముక్క రబ్బరు, ముందంతా నునుపు. పూర్తి పక్క కోణం. తడి బంకమట్టి గట్టు మీద, సోలు పళ్లు సగం బురదలో దిగి ఉన్నాయి. చుట్టూ చిన్న ముదురు నీడ, తడి మీద మసక ప్రతిబింబం.»

'లేసులు లేకుండా' అని రాయొద్దు, ఆ మాట చూసే ఏఐ లేసులు గీసేయొచ్చు. దీనికి గాల్లో తేలే వెర్షన్ అక్కర్లేదు: కొనే రైతు చూసేది బురదలో సోలు పట్టు.