మొదటి వాచీ కొనేవాళ్ల కోసం, ఈ వారం మా దగ్గరున్న నాలుగు వాచీలు

1. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ, నలుపు. కొత్తది. ₹1,450

1989లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అడిగేవాళ్లు తగ్గలేదు. బరువు 21 గ్రాములే, చేతికి ఉందన్న సంగతే గుర్తుండదు. సెల్లు దాదాపు ఏడేళ్లు వస్తుందని కంపెనీ చెబుతుంది.
డిస్‌ప్లే: డిజిటల్, అంటే ముళ్లు ఉండవు, అంకెలే. అలారం, స్టాప్‌వాచ్, తేదీ ఉన్నాయి. లైటు మాత్రం ఒక మూల చిన్న పచ్చ దీపమే. చీకట్లో టైము చూడటమే ముఖ్యమైతే మూడో వాచీ చూడండి.
నీళ్లు: దీని మీద మీటర్ల లెక్క ఏమీ లేదు, ఉత్త ‘వాటర్ రెసిస్ట్’ అని మాత్రమే ఉంటుంది. చేతులు కడుక్కున్నా, వానలో తడిసినా పర్వాలేదు. ఈతకి వద్దు.
బెల్టు: రబ్బరులాంటి రెజిన్. సన్న మణికట్టుకీ పిల్లలకీ బాగుంటుంది.

2. లెదర్ బెల్టు ముళ్ల వాచీ, తెల్ల డయలు, 38 మిల్లీమీటర్లు. కొత్తది. ₹2,200

పెళ్లికీ ఆఫీసుకీ పెట్టుకునే రకం. వెనక ‘30 మీటర్లు’ అని ఉంటుంది, ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. ముప్పై మీటర్ల లోతుకి దిగొచ్చని దాని అర్థం కాదు. ల్యాబులో నీళ్లు కదలకుండా పెట్టి, అంత లోతున ఉండే ఒత్తిడికి తట్టుకుందని చెప్పే లెక్క అది. ఈతలో చేయి విసిరితే కదలిక వల్ల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకని వాడుకలో ఇలా గుర్తుపెట్టుకోండి: 30 మీటర్లంటే చినుకులు, కుళాయి నీళ్లు. 50 అంటే మామూలు ఈత వరకు. 100 అంటే ఈతకి ధైర్యంగా. 200 అంటే సముద్రంలో ఆటలకి కూడా. కొన్నింటి మీద మీటర్లకి బదులు ‘3 బార్’ అనో ‘5 బార్’ అనో ఉంటుంది. ఒక బార్‌కి పది మీటర్లు లెక్కేసుకోండి.
వేడినీళ్ల స్నానానికి మాత్రం ఏ వాచీ అయినా తీసేయడమే మంచిది. ఆవిరికీ సబ్బుకీ లోపలి రబ్బరు రింగు గట్టిపడిపోతుంది. టైము సరిచేశాక పక్కనున్న బుడిపెని పూర్తిగా లోపలికి నొక్కండి. అది బయటికి ఉంటే 200 మీటర్ల వాచీలోకైనా నీళ్లు వెళ్తాయి. సెల్లు మార్పించినప్పుడు ఆ రింగు కూడా చూడమని అడగండి.
బెల్టు: 20 మిల్లీమీటర్లు. ఈ అంకె మీ మణికట్టు కొలత కాదు. డయలుకి పైనా కిందా ఉన్న రెండు కొమ్ముల మధ్య ఖాళీ. పాత వాచీ ఉంటే ఆ సందులో స్కేలు పెట్టి చూసుకోండి, 18, 20, 22 ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా బెల్టు పట్టదు, లేదంటే పక్కన సందు కనిపిస్తుంది. లెదర్ తడిస్తే వాసనొస్తుంది, అంచులు విరుగుతాయి. వానాకాలానికి ఇంకో నైలాన్ బెల్టు ₹250.

3. క్యాసియో జీ-షాక్ డీడబ్ల్యూ-5600. కొత్తది. ₹5,800

నీళ్లు: 200 మీటర్లు. ఈతకి, కొబ్బరితోటలో పనికి, బండి మీద వానకి నిశ్చింత. నీళ్లలో ఉండగా బటన్లు మాత్రం నొక్కకండి.
డిస్‌ప్లే: డిజిటల్. బటన్ నొక్కితే తెర మొత్తం వెలుగుతుంది. మా దగ్గరున్నది లేత రంగు మీద నల్ల అంకెలది. నల్ల తెర మీద తెల్ల అంకెలవి ఫొటోలో బాగుంటాయి గానీ, వెలుతురు తక్కువున్నచోట చదవడం కష్టం. మొదటి వాచీగా అది తీసుకోమని నేను చెప్పను.
బెల్టు: మామూలు బెల్టులు పట్టవు. మార్చాలంటే ఇదే మోడల్ బెల్టు అడగండి.

4. హెచ్‌ఎంటీ జనతా. పాతది, సర్వీసు చేయించినది. ₹2,900

సెల్లు లేదు, రోజూ కీ ఇవ్వాలి. పొద్దున్నే ఒకే వేళకి ఇస్తే అలవాటవుతుంది. బిగువు తగిలాక ఆపేయండి, బలవంతంగా తిప్పకండి. డయలు మీద ‘జనతా’ అని హిందీ అక్షరాల్లో ఉంది. ఆరు అంకె దగ్గర చిన్న మరక ఉంది, ఫొటోలో కనబడుతుంది. బెల్టు 18 మిల్లీమీటర్లు. డయలు నేటి వాచీల కన్నా చిన్నగా అనిపిస్తుంది.
నీళ్లు: ఒక్క చుక్క కూడా వద్దు. పాత్రలు కడిగేటప్పుడు తీసి పక్కన పెట్టండి.

ఆర్డరిచ్చేటప్పుడు మణికట్టు చుట్టూ దారం చుట్టి ఎన్ని సెంటీమీటర్లో రాయండి, బెల్టుకి ఇంకో రంధ్రం కావాలంటే పెట్టి పంపిస్తాం. వాచీ చేరాక పైన ప్లాస్టిక్ తొక్క తీయకముందే ఒక రోజు నడిపి చూడండి. తొక్క తీయకపోతే ఏడు రోజుల్లో మార్చి ఇస్తాం. జనతా ఒక్కటే ఉంది, దానికి మార్పిడి లేదు.